మిర్రరింగు వేరు, కాస్టింగు వేరు మహాప్రభో!

పండక్కి ఊరెళ్ళిన సాఫ్ట్‌వేర్ కొడుకులూ, కూతుళ్ళూ, అల్లుళ్ళూ తప్పకుండా చేసొచ్చే పనొకటుంది. గోడకి కొత్త స్మార్ట్ టీవీ ఎక్కుతుంది. అమ్మ ఫోన్ తీసుకుని, తెర పైనుంచి కిందకి లాగి, స్మార్ట్ వ్యూ అనో స్క్రీన్ కాస్ట్ అనో రాసున్న బొమ్మ నొక్కి, ఫోన్లో కనబడేదంతా టీవీలో కనబడేట్టు చేస్తారు. "అంతేనమ్మా, ఇంక నువ్వు ఫోన్లో ఏది చూసినా టీవీలో వచ్చేస్తుంది" అని చెప్పి రైలెక్కేస్తారు. మర్నాటి నుంచీ కంప్లైంట్లు మొదలు. ఆగి ఆగి వస్తోందిరా, ఫోన్ కాలిపోతోందిరా, ఎవరో ఫోన్ చేస్తే సినిమా పోయిందిరా, నాన్నగారి పెన్షన్ మెసేజ్ పక్కింటావిడ ముందు టీవీలో పడిందిరా...

నా మటుకు నాకు ఇందులో పెద్దవాళ్ళ తప్పేం కనబడదు. టీవీది కూడా కాదు. మనం వాళ్ళకి నేర్పించిందే తప్పు పద్ధతి. అది మిర్రరింగు. వాళ్ళకి కావలసింది కాస్టింగు. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలిచి ఫోన్ల కంపెనీలు మనల్ని బాగా గందరగోళపెట్టాయి. పై నుంచి లాగితే వచ్చే బొమ్మ మీద కాస్ట్ అని రాసున్నా, చాలా ఫోన్లలో అది చేసేది మిర్రరింగే.

తేడా ఏంటంటే, మిర్రరింగులో ఫోన్ తన తెర మీద ఉన్నదాన్ని ఎప్పటికప్పుడు వీడియోగా మార్చి టీవీకి పంపుతూ ఉంటుంది. యూట్యూబ్ నుంచి వచ్చిన వీడియోని ఫోన్ ఒకసారి విప్పాలి, తెర మీద చూపించాలి, ఆ తెరని మళ్ళీ వీడియోగా కట్టాలి, గాల్లో పంపాలి, టీవీ దాన్ని మళ్ళీ విప్పాలి. మూడు గంటల సినిమాకి మూడు గంటలూ ఇదే పని. ఫోన్ కాలిపోక ఏం చేస్తుంది పాపం!

కాస్టింగులో ఫోన్ వీడియోని ముట్టుకోదు. "ఫలానా వీడియో, ఇక్కణ్ణుంచి మొదలెట్టు" అని టీవీకి ఒక చీటీ పంపుతుందంతే. ఆ చీటీ చూసుకుని టీవీయే నేరుగా ఇంటర్నెట్ నుంచి వీడియో తెచ్చుకుంటుంది. అక్కణ్ణుంచి ఫోన్ ఒట్టి రిమోట్. 2013లో క్రోమ్‌కాస్ట్ వచ్చినప్పటి నుంచీ పద్ధతి ఇదే. ఆ డొంగిల్ తయారీని గూగుల్ 2024లో ఆపేసింది గానీ, దాని పద్ధతి ఇప్పుడు ఆండ్రాయిడ్ టీవీల్లో లోపలే ఉంటోంది.

మీరు చేస్తున్నది ఏదో తెలుసుకోవడానికి ఓ చిన్న పరీక్ష. సినిమా నడుస్తుండగా ఫోన్ తెర ఆపెయ్యండి. టీవీలో బొమ్మ ఆగిపోతే, లేదా నల్లగా అయిపోతే అది మిర్రరింగు. దర్జాగా నడుస్తూనే ఉంటే కాస్టింగు. కాస్టింగులో ఫోన్ వస్తే మాట్లాడుకోవచ్చు, వాట్సప్ చూసుకోవచ్చు, ఓటీపీలు టీవీకెక్కవు.

వైఫై మీద భారం చూసినా తేడా తెలుస్తుంది. హెచ్‌డీ వీడియోకి సెకనుకి ఓ 5 మెగాబిట్లు అనుకుందాం. కాస్టింగులో ఆ 5 రౌటర్ నుంచి టీవీకి ఒక్కసారి వెళ్తాయి. రౌటర్ మీదుగా మిర్రరింగ్ చేస్తే రౌటర్ నుంచి ఫోన్‌కి, ఫోన్ నుంచి రౌటర్‌కి, రౌటర్ నుంచి టీవీకి, అంటే అదే వీడియో గాల్లో మూడు సార్లు. మొత్తం 15. తక్కువ ధర టీవీల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే ఉంటుంది, అపార్ట్‌మెంట్లో చుట్టుపక్కల రౌటర్లన్నీ కూడా ఆ ఇరుకులోనే కొట్టుకుంటూంటాయి. ఆగి ఆగి రావడానికి ఇదో పెద్ద కారణం. కొన్ని ఫోన్లు మిరాకాస్ట్ అనే పద్ధతిలో రౌటర్‌తో పని లేకుండా టీవీతో నేరుగా మాట్లాడతాయి, అప్పుడు ఒక అంచె తగ్గుతుంది గానీ ఫోన్ కాలడం తగ్గదు.

ఇంకోటి. డబ్బులు కట్టి చూసే యాప్‌లు చాలావరకు మిర్రరింగ్‌ని ఒప్పుకోవు. మాటలు వినబడతాయి, బొమ్మ ఉన్న చోట నల్ల తెర. కాపీ కొట్టకుండా పెట్టుకున్న తాళం అది. టీవీ పాడైందని మెకానిక్‌ని పిలవక్కర్లేదు.

మరి కాస్ట్ చెయ్యడం ఎలా? పై నుంచి లాగొద్దు. యూట్యూబ్ లాంటి యాప్ తెరిచి, దాని లోపల ఉండే కాస్ట్ బొమ్మ నొక్కాలి. మూలన మూడు గీతల వంపులున్న చిన్న టీవీ బొమ్మ. నొక్కితే ఇంట్లో టీవీ పేరు వస్తుంది. అంతే.

అసలు ఆ బొమ్మే రావట్లేదు, లేదా టీవీ పేరు కనబడట్లేదు అంటే తొంభై పాళ్ళు నెట్‌వర్క్ గొడవే. ఫోన్, టీవీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. రౌటర్ ఒకటే అయినా టీవీ గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంటే చాలాసార్లు ఒకదానికొకటి కనబడవు. ఫోన్ మొబైల్ డేటా మీదుంటే ఎలాగూ కనబడదు. ఆఫీసు వీపీఎన్ ఆన్ చేసుకుని టీవీ కోసం వెతికే మహానుభావులు మనలోనే ఉన్నారు :) ఐఫోన్‌లో అయితే ఆ యాప్‌కి లోకల్ నెట్‌వర్క్ అనుమతి ఇచ్చారో లేదో సెట్టింగ్స్‌లో చూడాలి. తప్పు ఎటువైపుందో తేల్చుకోవాలంటే అదే వైఫైలో లాప్‌టాప్ పెట్టి ఈ కమాండ్ కొట్టండి. మొదటిది మాక్‌కి, రెండోది లినక్స్‌కి.

```
dns-sd -B _googlecast._tcp
avahi-browse -rt _googlecast._tcp
```

టీవీ పేరు వచ్చిందా, నెట్‌వర్క్ బాగానే ఉంది, ఫోన్ సంగతి చూడండి. రాలేదా, రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఐసోలేషన్ అన్న మాట ఎక్కడుందో వెతకండి.

సరే, బొమ్మ టీవీకెక్కింది. ఇప్పుడు కావలసిన సినిమా దొరకాలి కదా. ఇక్కడ రిమోట్‌తో టైపు చెయ్యమనడం అమానుషం అని నా గట్టి అభిప్రాయం. ఊరికే అనట్లేదు, లెక్క చెప్తాను. ఆరేసి అక్షరాల వరుసలుండే టీవీ కీబోర్డు మీద, a దగ్గర మొదలెట్టి mayabazar అని కొట్టాలంటే బాణం గుర్తులు 31 సార్లు, ఓకే 9 సార్లు, వెరసి 40 నొక్కుళ్ళు. మధ్యలో వేలు జారితే అదనం. ఇంత చేశాక అసలు స్పెల్లింగ్ maya bazaar అయ్యుండొచ్చు. కథకి th వాడారో dh వాడారో పెద్దావిడకి ఎలా తెలియాలి?

అందుకే మైకు. కానీ మైకుతో వచ్చే చిక్కేంటంటే, అది ఏ భాషలో వినాలో మనం ముందే నిర్ణయించి ఉంటాం, ఆ సంగతి మర్చిపోతాం. టీవీ ఇంగ్లీషులో ఉంటే మైకూ ఇంగ్లీషులోనే వింటుంది. తెలుగు పేరు చెప్తే దానికి దగ్గరగా వినబడే ఇంగ్లీషు మాటల్ని ఏరుకుంటుంది. పైగా ఒక్క మాటే చెప్తే ఊహించుకోవడానికి దానికి ఆధారమేం దొరకదు. పక్కన ఇంకో మాట ఉంటే అదే దారి చూపిస్తుంది.

మా పెద్దమ్మ సంగతే చెప్తాను. ఆవిడకి మాయాబజార్ కావాలి. టీవీ రిమోట్ మైకు నొక్కి చెప్తే "మై బజార్" అని విని కూరగాయల మార్కెట్ల వీడియోలు చూపించింది. గట్టిగా అరిచినా అవే కూరగాయలు.

ఆవిడ ఫోన్లో గూగుల్ కీబోర్డు ఉంది. అందులో తెలుగు చేర్చాను. 2017 నుంచీ దాని మైకుకి తెలుగు వచ్చు. స్పేస్ బార్ మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే భాష మారుతుంది, తర్వాత మైకు బొమ్మ. యూట్యూబ్ వెతుకుడు గళ్ళో "మాయాబజార్" అనగానే శుభ్రంగా తెలుగు లిపిలో పడింది. పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. కానీ కథ అయిపోలేదు. మాయాబజార్‌లు ఒకటా రెండా? 1936లో ఒకటి, 1957లో కె.వి.రెడ్డి గారిది, 2006లో ఇంకొకటి. పోనీ 1957 అని కలుపుదామా అంటే, అదే ఏడాది అదే సినిమా తమిళంలో కూడా తీశారు. ఎన్టీఆర్ అని కలిపినా లాభం లేదు, రెండింట్లోనూ కృష్ణుడు ఆయనే. తేడా ఎక్కడుందంటే అభిమన్యుడి దగ్గర. తెలుగులో నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. కాబట్టి "మాయాబజార్ నాగేశ్వరరావు ఫుల్ మూవీ" అని చెప్పించాను. పాటల ముక్కలు, సీన్ల ముక్కలు కూడా వస్తాయి, వాటిని తీసెయ్యడానికి నిడివి చూడాలి. అసలు సినిమా మూడు గంటల పైమాటే. నిడివి అంకె చూసి నొక్కడం పెద్దమ్మకి రెండోసారికే వచ్చేసింది. 2010లో వచ్చిన రంగులద్దినది కూడా కనబడితే ఏది కావాలో ఆవిడిష్టం. ఆవిడ నలుపు తెలుపే కావాలంది. తర్వాత కాస్ట్ బొమ్మ నొక్కడం, ఫోన్ పక్కన పడేసి కుర్చీలో వెనక్కి వాలడం.

ఇదే పద్ధతి దేవదాసుకీ వర్తిస్తుంది. 1953, 1974, 2006, మూడు దేవదాసులున్నారు. సంవత్సరం ఎవరికీ గుర్తుండదు. అక్కినేని, కృష్ణ, రామ్ అని మాత్రం ఎవరైనా చెప్పగలరు. పేరు పక్కన ఆ ఒక్క సినిమాలోనే ఉన్న మనిషి పేరు చెప్పడం, అంతే కిటుకు.

అయితే ఈ తెలుగు మైకు అన్ని చోట్లా పనికిరాదు. యూట్యూబ్‌లో జనం తెలుగు లిపిలో కూడా పేర్లు పెడతారు కాబట్టి దొరుకుతుంది. డబ్బులు కట్టే యాప్‌ల జాబితాల్లో పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి. అక్కడ తెలుగు లిపిలో వెతికితే సున్నా రావచ్చు. అలాంటి చోట మైకుని ఇండియా ఇంగ్లీషులో పెట్టి, మళ్ళీ నటుడి పేరు కలిపి చెప్పడమే మేలు. ఇంకో సంగతి, టీవీ మొదటి తెర మీద మైకు నొక్కితే, ఏ యాప్‌లు తమ జాబితాని టీవీకి ఇచ్చాయో వాటిల్లోనే వెతుకుతుంది. అక్కడ రాలేదంటే సినిమా లేదని కాదు. ఆ యాప్ తెరిచి, లోపల వెతకాలి.

కాస్టింగ్ అంత గొప్పదైతే అన్నీ దాంతోనే కానియ్యొచ్చుగా అంటారేమో. ఆ రోజులు కూడా పోతున్నాయి. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు 2025 చివర్లో, రిమోట్‌తో వచ్చే టీవీలూ డొంగిళ్ళలో చాలావాటికి ఫోన్ నుంచి కాస్ట్ చెయ్యడం ఎత్తేశారు. టీవీలోని యాప్‌నే రిమోట్‌తో వాడుకోమంటారు. నాకిది శుద్ధ దండగ నిర్ణయంలా కనిపిస్తుంది. చేతిలో మంచి కీబోర్డూ, తెలుగు వినే మైకూ ఉన్న ఫోన్ పెట్టుకుని, నలభై నొక్కుళ్ళ రిమోట్ దగ్గరికి తిరిగెళ్ళమనడం ఏ లెక్కన ముందడుగో వాళ్ళే చెప్పాలి. కాబట్టి ఊరెళ్ళినప్పుడు టీవీ రిమోట్ మైకుని కూడా ఓసారి పరీక్షించి, దాని భాష సరిచేసి రండి. పెద్దవాళ్ళు రోజూ అడిగే ఓ నాలుగు సినిమాల పేర్లు వాళ్ళ గొంతుతోనే చెప్పించి చూడండి, మీ గొంతుతో కాదు.

అన్నట్టు, కాస్ట్ చేస్తున్నప్పుడు అదే వైఫైలో ఉన్న మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా ఆపే బటన్ ప్రత్యక్షమవుతుంది. ఘటోత్కచుడు రంగంలోకి దిగే సమయానికి సినిమా దానంతటదే ఆగిపోయిందంటే వైఫైనీ, రౌటర్నీ తిట్టకండి, పక్క గదిలో మనవడి చేతిలో ఫోనుందేమో చూడండి. సెట్టింగుల్లో కాస్ట్ పరికరాల మీడియా కంట్రోల్స్ అని ఉంటుంది, వాడి ఫోన్లో అది ఆపేస్తే సరి.