ఏకాదశి ఎవరికి ఏనాడు?

“ఏకాదశి ఉపవాసం నేడు కాదు, రేపే” అన్న సందేశం ఫోన్లలో వ్యాపిస్తుంది. అది ఏ ఊరి సూర్యోదయాన్ని బట్టి, ఏ సంప్రదాయం వారికి చెప్పినదో అందులో సాధారణంగా ఉండదు. ఆ రెండూ తెలియక ఇతరులకు పంపడం తగదు. తమ ఊరి పంచాంగంలో దశమి ముగిసే సమయాన్ని, సూర్యోదయాన్ని ముందుగా చూడాలి.

హైదరాబాదులో ఒకనాడు సూర్యోదయం 6 గంటలకనీ, దశమి తెల్లవారుజామున 5 గంటలకు ముగుస్తుందనీ అనుకుందాం. సూర్యోదయాన ఏకాదశి ఉన్నది కనుక స్మార్తులకు ఆనాడే ఉపవాసం. వైష్ణవులు అరుణోదయాన్ని చూస్తారు. అది సూర్యోదయానికి నాలుగు ఘడియల ముందు, అనగా 4.24కు మొదలవుతుంది. అప్పటికింకా దశమి ఉన్నది. ఆ వేధ వలన వారికి ఉపవాసం మరునాడు. ఇరువురిలో ఎవరిదీ పొరపాటు కాదు.

అదే సందేశం న్యూజెర్సీ చేరితే? తిథి మారే క్షణం భూమండలమంతటికీ ఒక్కటే. శీతకాలంలో మన ఉదయం 5 గంటలంటే అక్కడ ముందునాటి సాయంకాలం 6.30. దశమి అప్పుడే ముగిసింది కనుక, తెల్లవారితే అరుణోదయానికి వేధ లేదు. అక్కడి వైష్ణవులకూ ఉపవాసం ఆనాడే. “రేపు” అన్న మాటను నమ్మినవారు శుద్ధ ఏకాదశినాడు భుజించి, పారణ చేయవలసిన ద్వాదశినాడు ఉపవసిస్తారు.