పదకొండు నెలల కాగితం ఎవరికి రక్ష?

మసీదుకు చెందిన అంగడి బాడుగకు ఇచ్చేటప్పుడు మన జమాత్ పెద్దలు తరచుగా చెప్పే మాట ఒకటుంది. "వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు వ్రాసుకుందాం. రిజిస్ట్రేషన్ అక్కర లేదు, ఖర్చూ లేదు. గడువు తీరగానే మరొకటి వ్రాసుకోవచ్చు." అంగడి పుచ్చుకునే వ్యక్తీ మనవాడే కనుక ఎదురు చెప్పడు. ఇలా పదేళ్ళు, ఇరవై ఏళ్ళు గడచిపోతాయి. కమిటీ మారుతుంది, తండ్రి స్థానంలో కొడుకు కూర్చుంటాడు. తగాదా వచ్చిననాడు ఇరుపక్షాలూ ఆ కాగితాల కట్టనే న్యాయస్థానం ముందుంచుతారు. ఆ కట్ట ఎవరినీ కాపాడదని మా వాదం. అది వక్ఫ్‌కూ చేటు, అంగడివానికీ చేటు.

మొదట రిజిస్ట్రేషన్ సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజును, ఏటేటా సాగే లీజును, సాలుసరి బాడుగ నిర్ణయించిన లీజును రిజిస్టరు దస్తావేజు ద్వారా మాత్రమే ఇవ్వగలరు. ఏడాదికి లోబడినది నోటిమాటతో, ఆస్తి స్వాధీనం చేయడంతో కూడా చెల్లుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కూడా మొదట ఈ గీతనే గీసింది. పదకొండు నెలల ఆచారం పుట్టింది అక్కడే. అయితే మన రాష్ట్రంలో ఆ గీత చెరిగిపోయి పాతికేళ్ళు దాటింది. 1999లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణ 17వ సెక్షన్‌లోని కాలపరిమితిని తొలగించి, "స్థిరాస్తి లీజులు" అన్న మాటను మాత్రమే మిగిల్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి వ్రాతపూర్వకమైన లీజు పత్రం ఏదైనా, అది పదకొండు నెలలదైనా, రిజిస్టరు కావలసిందే. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. వంద రూపాయల కాగితం కొన్నంత మాత్రాన చట్టం అడిగే స్టాంపు సుంకం చెల్లించినట్లూ కాదు.

రిజిస్టరు చేయకుంటే ఏమవుతుంది? ఆంథొనీ వర్సెస్ కె.సి. ఇట్టూప్ అండ్ సన్స్ కేసులో 2000లో సుప్రీంకోర్టు దీనికి స్పష్టమైన సమాధానమిచ్చింది. కేరళలో ఒక కట్టడానికి అయిదేళ్ళ లీజు వ్రాసుకున్నారు కాని రిజిస్టరు చేయించలేదు. ఆ పత్రం అయిదేళ్ళ హక్కును సృష్టించలేదని న్యాయస్థానం తేల్చింది. స్వాధీనమూ బాడుగ చెల్లింపూ ఉన్నాయి కనుక నెలనెలా సాగే అద్దె సంబంధం మాత్రం ఉన్నదని అంగీకరించింది. ఈ మాటలోని బరువును అంగడి నడుపుకొనే కుటుంబాలు గ్రహించాలి. నెలవారీ అద్దెను ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద, వేరే ఒడంబడిక గాని స్థానిక చట్టం గాని లేనప్పుడు, పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. తొమ్మిదేళ్ళ భరోసాతో లక్షలు పోసి సరుకు నింపుకొన్న మనిషి చేతిలో మిగిలేది పదిహేను రోజులు.

నష్టం కమిటీకీ తక్కువేమీ కాదు. మూడేళ్ళకొకసారి బాడుగ పది శాతం పెంచాలనీ, ఫలానా తేదీకి ఖాళీ చేయాలనీ పత్రంలో వ్రాసుకున్న షరతులను రుజువు చేయాలంటే ఆ పత్రాన్నే చూపాలి. రిజిస్టరు కాని దస్తావేజును ప్రాసంగికమైన చిన్న విషయాలకు తప్ప సాక్ష్యంగా చూడరాదని రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ అంటుంది. స్టాంపు చట్టం 35వ సెక్షన్ ఇంకా కఠినమైనది. తగిన సుంకం చెల్లించని పత్రాన్ని ఏ ప్రయోజనానికీ సాక్ష్యంగా స్వీకరించరు. తక్కువ పడిన సుంకమూ, దానికి పదిరెట్ల దాకా జరిమానా కట్టాకనే దానికి నోరు వస్తుంది. అందువల్ల ఇవి రెండు వేర్వేరు లోపాలు. జరిమానా కట్టి స్టాంపు లోపాన్ని సరిదిద్దుకోవచ్చు గాని, దానితో రిజిస్ట్రేషన్ లోపం తీరదు.

"ఇంత సుంకం ఎవరు భరిస్తారు?" అన్నది తరువాతి ఆక్షేపణ. లెక్క తెలియకపోవడమే ఈ భయానికి మూలం. తొమ్మిదేళ్ళ బాడుగ మొత్తం మీద సుంకం పడుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఏడాది లోపు లీజుకు మాత్రమే ఆ కాలపు మొత్తం బాడుగను ఆధారంగా తీసుకుంటారు. ఏడాది దాటితే ఆధారం సగటు వార్షిక బాడుగ. అయిదు, పది, ఇరవై, ముప్పై ఏళ్ళ దగ్గర మెట్లుంటాయి, మెట్టు ఎక్కేకొద్దీ భారం పెరుగుతుంది. ముప్పై ఏళ్ళు దాటినా, గడువే లేకపోయినా, లెక్క ఆస్తి మార్కెట్ విలువ దగ్గరకు పోతుంది.

గంగవరంలో రోడ్డు పక్కన ఒక వక్ఫ్ అంగడి ఉందనుకుందాం. తొమ్మిదేళ్ళ లీజు. మొదటి మూడేళ్ళు నెలకు 6,000 రూపాయలు, తరువాతి మూడేళ్ళు 6,600, చివరి మూడేళ్ళు 7,260. సాలుకు లెక్కిస్తే వరుసగా 72,000, 79,200, 87,120 అవుతాయి. తొమ్మిదేళ్ళ మొత్తం 7,14,960 రూపాయలు. దానిని తొమ్మిదితో భాగిస్తే సగటు వార్షిక బాడుగ 79,440. అయిదు నుంచి పదేళ్ళ మెట్టుకు వర్తించే శాతాన్ని ఈ 79,440 మీద వేయాలి గాని ఏడు లక్షల మీద కాదు. ఇదే అంగడికి పదకొండు నెలల పత్రాన్ని చట్టప్రకారం వ్రాస్తే మొదటిసారే 66,000 మీద సుంకం పడుతుంది. తొమ్మిదేళ్ళలో అదే పనికి పదిసార్లు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయపు మెట్లెక్కాలి.

ఈ లెక్కలో మూడు అంశాలను దాచిపెట్టే అలవాటు మనలో ఉంది. లీజు కోసం ముందుగా పుచ్చుకున్న సొమ్ము, దానిని అడ్వాన్సు అన్నా గుడ్‌విల్ అన్నా, బాడుగకు అదనంగా లెక్కకు వస్తుంది. చట్టప్రకారం యజమాని కట్టవలసిన ఇంటి పన్నును బాడుగదారే కడతానని ఒప్పుకుంటే అదీ బాడుగలో భాగమే. ఆ పన్ను ఏడాదికి 2,000 అనుకుంటే పై సగటు 81,440 అవుతుంది. బాడుగదారు సొంత ఖర్చుతో గది కట్టి, గడువు చివర వక్ఫ్‌కు వదిలిపెడతానంటే ఆ కట్టడపు విలువ కూడా సుంకానికి లోబడుతుంది. వీటిని దాచినందువల్ల మిగిలేది కొద్ది సొమ్ము, పోయేది పత్రపు విలువ. పైగా చేతిలో పెట్టిన గుడ్‌విల్‌కు రసీదు ఉండదు. అది మసీదు ఖాతాలో పడిందో లేదో అడిగే ఆధారమూ జమాత్‌కు ఉండదు. వేరే ఒడంబడిక లేనప్పుడు లీజు సుంకాన్ని బాడుగదారే భరించాలని స్టాంపు చట్టం 29వ సెక్షన్ చెబుతుంది. కనుక మసీదు నిధి కరిగిపోతుందన్న మాటకూ బలం లేదు.

ఇంతవరకు చెప్పినది ఏ ఆస్తికైనా వర్తిస్తుంది. వక్ఫ్ ఆస్తికి మరొక తలుపు దాటాలి. వక్ఫ్ చట్టం 56వ సెక్షన్ 2013 సవరణ తరువాత ముప్పై ఏళ్ళు దాటిన లీజును చెల్లనిదిగా ప్రకటించింది. సేద్యపు భూమిని మూడేళ్ళకు మించి గుత్తకిచ్చినా అది చెల్లదు. ఏడాది నుంచి ముప్పై ఏళ్ళ వరకు గల లీజుకు వక్ఫ్ బోర్డు ముందస్తు మంజూరు తప్పనిసరి. వ్యాపారానికిచ్చే దీర్ఘకాలపు లీజుకు రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం గురించీ ఆ సెక్షన్ చెబుతుంది. లీజుకిచ్చే ముందు బోర్డు పత్రికా ప్రకటన ఇవ్వాలి. మూడేళ్ళు దాటినదైతే బోర్డు ప్రభుత్వానికి తెలియజేసిన తేదీ నుంచి 45 రోజులు గడిచాకనే అది అమలులోకి వస్తుంది.

ఇక్కడే ఒక కంత ఉంది. రిజిస్ట్రేషన్ చట్టానికి మన రాష్ట్రం చేర్చిన 22-ఎ సెక్షన్, చట్టం అధికారమివ్వని వ్యక్తులు వక్ఫ్ ఆస్తిని పదేళ్ళకు మించి లీజుకిచ్చే పత్రాలను రిజిస్టరు చేయరాదని నిషేధించింది. మరి తొమ్మిదేళ్ళ పత్రం? అది ఆ నిషేధపు వల నుంచి జారిపోతుంది. బోర్డు మంజూరు లేకుండా ముతవల్లి ఒక్కడే సంతకం చేసిన తొమ్మిదేళ్ళ లీజు రిజిస్టరు కావచ్చు, సుంకమంతా సక్రమంగా చెల్లించి ఉండవచ్చు. అయినా 56వ సెక్షన్ దృష్టిలో అది చెల్లదు. రిజిస్ట్రేషన్ లేని అధికారాన్ని పుట్టించదు. సబ్ రిజిస్ట్రార్ ముద్ర చూసి మోసపోయే మొదటి వ్యక్తి సొమ్ము పెట్టిన బాడుగదారే. 2013 సవరణ ప్రకారం గడువు తీరిన బాడుగదారు కూడా "ఆక్రమణదారు" నిర్వచనంలోకి వస్తాడు. బోర్డు ముఖ్య కార్యనిర్వహణాధికారి 54వ సెక్షన్ కింద అతనిపై చర్య మొదలుపెట్టవచ్చు. నిన్నటిదాకా మసీదు అంగడివాడని పిలిపించుకున్నవాడు ఒక్క తేదీతో ఆక్రమణదారు అవుతాడు.

"రిజిస్టరు చేస్తే బాడుగదారు పాతుకుపోతాడు" అనే పెద్దలకు మా సమాధానం ఇదే. పాతుకుపోవడానికి దోహదం చేసేది తేదీలు లేని, సాక్ష్యానికి నిలువని కాగితం. ఆరంభమూ అంతమూ రిజిస్టరులో ఎక్కిన లీజు ఆ తేదీతోనే ముగుస్తుంది, కొత్త కమిటీ దానిని నకలు తీసుకొని చూడగలదు.

కాబట్టి మేము కోరేవి స్పష్టమైనవి. వక్ఫ్ బోర్డు చిన్న అంగళ్ళ మంజూరు దరఖాస్తులను నెలల తరబడి నానబెట్టరాదు. జాప్యమే అక్రమ పత్రాలకు ఎరువు. పదేళ్ళ లోపు వక్ఫ్ లీజులకు కూడా మంజూరు ఉత్తర్వు జతపరచాలనే నిబంధనను ప్రభుత్వం 22-ఎ లో చేర్చాలి. కమిటీలు తమ లీజుల జాబితాను, బాడుగనూ గడువునూ చూపుతూ, జమాత్ ముందుంచాలి. బాడుగదారులు అడ్వాన్సు ఇవ్వకముందే బోర్డు మంజూరు నకలు అడగాలి. సంతకాలైన నాలుగు నెలల్లోగా, ఆస్తి ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉందో అక్కడ దస్తావేజును సమర్పించాలి. ఆ గడువు దాటితే మరో నాలుగు నెలల వరకు మాత్రమే, అదీ జరిమానాతో, అవకాశం ఉంటుంది. వక్ఫ్‌ను ఇతరులు కాజేస్తున్నారని గొంతెత్తే హక్కు మనకుంది. ఆ గొంతుకు విలువ రావాలంటే మన చేతి మీదుగా పోయే బాడుగలకు ముందుగా లెక్కా పత్రమూ ఉండాలి.