ఎంత పోయిందని కాదు, ఎన్నింటికి ఆడారో చూడండి

మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. అమ్మ పోయాక ఊళ్లో ఒక్కరే ఉంటున్నారు. మొన్న వెళ్లినప్పుడు కరెంటు బిల్లు కడదామని ఆయన ఫోన్ తీశాను. 200, 300, మళ్లీ 200 అంటూ ఎవరికో వెళ్లిన చెల్లింపులు వరసగా కనిపించాయి. కూడితే నెలకి 11 వేలు. ఆన్‌లైన్ రమ్మీ!

"ఈ వయసులో ఇదేం పని?" అనే మాట నోటిదాకా వచ్చింది. ఆ అంకెల పక్కనున్న టైము చూసి ఆగిపోయాను. అన్నీ మధ్యాహ్నం మూడింటికో, రాత్రి ఒంటిగంట దాటాకో కట్టినవే. మూడింటికి అమ్మ కాఫీ కలిపి ఆయన ఎదురుగా పేకముక్కలు పట్టుకు కూర్చునేది.

ఆ రాత్రి భోజనాలయ్యాక, పిల్లలు లేనప్పుడు అడిగాను.

"ఎవరితో ఆడుతున్నారు నాన్నా?"

"ఎవరో ఏమోనే. ఎప్పుడు తెరిచినా నలుగురు కూర్చునే ఉంటారు."

అంతకు మించి ఏం చెప్పాలి? కాసేపాగి, "పోయింది రాబట్టుకుని మానేస్తాలే" అన్నారు. నన్ను భయపెట్టింది ఆ మాటే. పోయినదాని కోసం ఆడేకొద్దీ ఇంకా పోతుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా వాట్సాప్‌లో లింకులు వస్తూనే ఉన్నాయి. గెలిచిన డబ్బు అడిగితే "ముందు పన్ను కట్టండి" అనే దొంగలూ ఉన్నారు. అలా కట్టేస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

నేను ఫోన్ లాక్కోలేదు. లాక్కుంటే నాతో మాట్లాడటం మానేస్తారు, ఆట మానరు. ఆయన్నే అడిగి పెన్షన్ ఖాతాని ఫోన్‌లోంచి తీయించాం. వేరే ఖాతాలో నెలకి 3 వేలు వేసుకుని, కూరలకీ మందులకీ ఫోన్‌తో అదే వాడుతున్నారు. యాప్ ఆయన చేత్తోనే తీసేశారు.

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. ఖాళీ అయిన ఆ మూడు గంటల వేళని నింపాలి కదా! పక్కవీధిలో ఆయనలాగే రిటైరైన ముగ్గురున్నారు. వారానికి మూడురోజులు మా అరుగుమీద పేక వేస్తున్నారు. డబ్బుల్లేవు, ఓడినవాళ్లు టీ పెట్టాలి. మిగతా రోజుల్లో మూడింటికి నేనే ఫోన్ చేస్తున్నాను. రాత్రి నిద్రపట్టని సంగతి డాక్టరుగారికి చెప్పాం.

పూర్తిగా మానేశారా అంటే, మధ్యలో రెండుసార్లు ఆడారు. ఆ సంగతి ఆయనే ఫోన్ చేసి చెప్పారు. మొదటిరోజే నేను అరిచి ఉంటే, ఆ ఫోన్ వచ్చేదా?

మీ ఇంట్లో పెద్దవాళ్లు మిమ్మల్ని చూడగానే ఫోన్ బోర్లా పెట్టేస్తున్నా, మందులు కొనడం వాయిదా వేస్తున్నా ఓసారి పక్కన కూర్చుని అడగండి. అప్పులు చేసేదాకా వస్తే, బతికేం లాభమనే మాట వినిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. 14416 టెలీ మానస్‌కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మూడు కావస్తోంది. నాన్నకి ఫోన్ చేయాలి.