హెచ్చరిక: నూనె డబ్బా వైపు చూడండి

ఈ నెల సరుకుల చీటీ బయటికి తీయండి. బియ్యం, పప్పుల సంగతి పక్కన పెట్టి నూనె ఎన్ని లీటర్లు తెచ్చారో, నెయ్యి ఎంత కొన్నారో చూడండి. నలుగురున్న ఇంట్లో ఐదు లీటర్ల నూనె డబ్బా, కిలో నెయ్యి నెలకే అయిపోతున్నాయంటే ఆ ఇల్లు హద్దు దాటినట్టే. బయట ఒక్క బజ్జీ తినకపోయినా సరే.

హద్దు ఎక్కడుందో చూద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కేలరీలు సరిపోయే మనిషికి విడిగా వాడే కొవ్వు 27 గ్రాములని చెప్పింది. నూనె, నెయ్యి, వెన్న అన్నీ కలిపే ఆ 27. టీ చెంచాతో కొలిస్తే ఆరు చెంచాలు. ఇంట్లో నలుగురికి, ముప్పై రోజులకు లెక్కేస్తే 3240 గ్రాములు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి, నెయ్యితో సహా నెలంతటికీ మూడున్నర లీటర్లు. (ఇప్పుడు కొన్ని ప్యాకెట్లు లీటరులాగే కనిపించినా తక్కువ తూగుతున్నాయి. ప్యాకెట్ మీద నికర తూకం చూసి లెక్కేయండి.)

ఐదు లీటర్ల నూనె, కిలో నెయ్యి వాడే ఇంట్లో మనిషికి రోజుకు 46 గ్రాములు పడుతోంది. అంటే 19 గ్రాములు ఎక్కువ. కొవ్వు ఏదైనా గ్రాముకు 9 కేలరీలు, కాబట్టి రోజూ 170 కేలరీలు అదనం. మిగతా తిండి, ఒంటి పని మారకుండా ఈ అదనం ఒక్కటే వచ్చి చేరితే ఏడాదిలో మూడు కిలోల దాకా బరువు పెరగడానికి చాలు. ఆ తర్వాత పెరుగుదల నెమ్మదిస్తుంది గాని, పెరిగిన బరువు దానంతటది దిగిపోదు.

ఈ అదనం మనకు తెలియకపోవడమే అసలు ప్రమాదం. ఒక కప్పు అన్నం ఎక్కువ తింటే పొట్ట చెబుతుంది. రెండు చెంచాల నెయ్యి అన్నంలో కలిస్తే ముద్ద పెద్దదవదు, ఆకలి ముందే తీరదు, కంచంలో ఏమీ పెరిగినట్టు ఉండదు. అందుకే బరువు పెరిగిన వాళ్ళు ముందు అన్నం తగ్గిస్తారు, ఇంకొందరు మానేసి చపాతీలకు మారతారు. ఆ చపాతీ మీద చెంచా నూనె రాస్తారు. తగ్గించినదంతా అక్కడే తిరిగొస్తుంది.

మామూలు మధ్యాహ్నం భోజనం ఒకటి తీసుకుందాం. నలుగురికి అర కిలో వంకాయ వేపుడు, పప్పు, చారు, ఆవకాయ. వేపుడుకు మూకుట్లో పోసిన నూనె కొలిస్తే 80 మిల్లీలీటర్లు వచ్చిందనుకోండి, అంటే 73 గ్రాములు. వంకాయ నూనెను పీల్చేస్తుంది. మూకుడు ఎండినట్టు కనబడగానే అంటుకుంటుందేమోనని మళ్ళీ పోస్తాం, కాబట్టి ఈ అంకె పెద్దదేమీ కాదు. పప్పు పోపుకు 15 గ్రాముల నెయ్యి, చారు పోపుకు 5 గ్రాములు. వడ్డించేటప్పుడు పప్పన్నంలో ఒక చెంచా, ఆవకాయ అన్నంలో ఒక చెంచా నెయ్యి చొప్పున నలుగురికి 40 గ్రాములు. మొత్తం 133, మనిషికి 33 గ్రాములు. రోజు మొత్తానికి చెప్పిన 27 ఒక్క పూటలోనే దాటిపోయింది. పొద్దున దోసెల మీద వేసిన నూనె, ఆవకాయలో తేలే నూనె, రాత్రి కూర ఇంకా ఈ లెక్కలోకి రానేలేదు.

ఇదే భోజనంలో రెండు మార్పులు చేయండి. వంకాయ ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, కాసిని నీళ్ళు చిలకరించి మూతపెట్టి మగ్గనివ్వండి. ముక్క మెత్తబడి, నీరు ఇగిరాక మాత్రమే నూనె పోయండి. మగ్గిన ముక్కలో ఖాళీలు అణిగిపోతాయి కాబట్టి ముందులా పీల్చదు, 30 మిల్లీలీటర్లతో వేగుతుంది. అరటికాయ, చిక్కుడు, బంగాళాదుంప అయితే ముందే ఉడికించి వేయించవచ్చు. బెండకాయకు మాత్రం నీళ్ళు పనికిరావు, జిగురు వస్తుంది. దాన్ని తుడిచి, ఆరబెట్టి, వెడల్పాటి మూకుట్లో సన్న సెగ మీద వదిలేయడమే. రెండో మార్పు, నెయ్యి మొదటి ముద్దకే, ఒక్క చెంచా. ఈ రెండింటితో మనిషికి 17 గ్రాములు తగ్గుతుంది, అంటే 150 కేలరీలు. పైన తేలిన 170 అదనంలో దాదాపు అంతా ఒక్క పూటలో, ఏ కూరా మానకుండానే పోయింది.

ఇక డబ్బాల్లో దాచే పిండివంటలు. జంతికలు, చెక్కలు, కారప్పూస వంద గ్రాములు తింటే రమారమి 500 కేలరీలు. టీవీ ముందు కూర్చుని రెండు గుప్పిళ్ళు తింటే అంతకు దగ్గరికి వెళతాం. ఇంట్లో చేసినవి కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు. నూనె మంచిదైనా పిండిలోకి వెళ్ళేది కొవ్వే. పైగా గుల్లగా రావాలని పిండిలోనే కాచిన నూనో వెన్నో కలుపుతాం. ఎంత వెళుతోందో తెలియాలంటే మూకుట్లో పోసే ముందు నూనె తూచి, వంట అయ్యాక చల్లారింది మళ్ళీ తూచండి. కిలో పోస్తే 600 గ్రాములు మిగిలిందనుకోండి, తక్కిన 400 గ్రాములు, అంటే 3600 కేలరీలు, ఆ డబ్బాలో ఉన్నాయి.

నూనె ఎప్పుడు లోపలికి పోతుందో తెలిస్తే కొంత ఆపవచ్చు. వేగుతున్నంతసేపూ పిండిలోని నీరు ఆవిరై బయటికి తోసుకొస్తుంటుంది, నూనెను పెద్దగా లోపలికి రానివ్వదు. తీసి పక్కన పెట్టగానే లోపలి ఆవిరి చల్లబడి, పైన అంటుకున్న నూనెను సందుల్లోకి లాగేస్తుంది. కాబట్టి చిల్లుల గరిటెను మూకుడు మీదే పట్టుకుని బాగా విదిలించి, వేడి తగ్గకముందే కాగితం మీద పరవాలి. గిన్నెలో గుట్టగా పోస్తే పైవాటి నూనె కిందివాటిలోకి దిగుతుంది. నూనె సరిగా కాగకుండా వేసినా, మూకుడు నిండా ఒక్కసారే వేసినా ఎక్కువసేపు వేగాల్సి వచ్చి నూనె ఎక్కువ పడుతుంది. బజ్జీల పిండిలో వంట సోడా ఎక్కువైనా అంతే. వేగినదాన్ని విరిచి వేళ్ళతో నొక్కినప్పుడు లోపలి నుంచి నూనె చెమ్మ తగిలితే ఇలాంటి పొరపాటేదో జరిగినట్టు. అప్పడాలకైతే ఇదంతా అవసరం లేదు, నిప్పుల మీద కాల్చుకుంటే చాలు.

ఇప్పుడు జోరుగా సాగుతున్న నమ్మకం ఒకటుంది: గానుగ నూనె మంచిది, ఆవునెయ్యి మంచిది, కనుక ఎంతైనా వాడవచ్చని. రుచిలో, కొవ్వు రకాల్లో తేడాలుంటాయి, కాదనను. కేలరీల దగ్గర మాత్రం గానుగ పట్టిన వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె, ఆలివ్ నూనె, నెయ్యి అన్నీ ఒక్కటే. ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న ముద్రకూ కేలరీలకూ సంబంధమే లేదు. ఏ మొక్క నుంచి తీసిన నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు.

నూనె పూర్తిగా మానమని ఎవరూ చెప్పడం లేదు, మానకూడదు కూడా. ఎ, డి లాంటి విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు ఉండాలి. పసిపిల్లల ముద్దలో నెయ్యి తీసేయకండి. బక్కచిక్కిన వాళ్ళకూ, పొలంలోనో కట్టుబడిలోనో రోజంతా ఒళ్ళు వంచే వాళ్ళకూ ఈ కోత వర్తించదు. కుర్చీలో కూర్చుని పనిచేసే వాళ్ళదే ఈ సమస్య. వాళ్ళ కోసం రేపటి నుంచి ప్యాకెట్‌తో మూకుట్లోకి వంపడం ఆపండి. రోజుకు పడే నూనెను పొద్దునే ఒక గిన్నెలోకి కొలిచి పెట్టుకుని, అన్ని వంటలకూ అందులోంచే తీసుకోండి. కూర చప్పగా ఉందని మొదట్లో ఇంట్లో విసుక్కుంటారు. నెలనెలా అర లీటరు చొప్పున తగ్గిస్తూ, వెల్లుల్లి కారం, ధనియాల పొడి, దించాక పిండే నిమ్మరసం కాస్త పెంచితే ఆ విసుగు కొన్ని వారాల్లో పోతుంది. విసుక్కునే వాళ్ళు వండే మనిషి మీద పడకుండా, ఆ గిన్నెలోకి నూనె కొలిచే పని తామే తీసుకుంటే ఇంకా మేలు.