కారణానికి ‘కాబట్టి’ కావాలి

నాచారంలో తెల్ల చార్టు కొని, ముక్కలు కోసి, మా పాపకి భూస్వామ్యం పాఠం కార్డులు చేశాను. దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిందెప్పుడంటే 1946 జూలై 4 అని టక్కున చెప్పింది. వెట్టి అంటే కూలివ్వకుండా చేయించుకునే చాకిరీ అంది. మరి కడవెండిలో జనం ఎందుకు తిరగబడ్డారు? “అప్పు, భూమి, వెట్టి” అని అప్పజెప్పింది. ఒకదానికొకటి సంబంధమేమిటంటే నీళ్లు నమిలింది.

తప్పు నాదే. మూడు మాటలూ ఒకే కార్డులో కుక్కాను. ఇప్పుడు కారణానికో కార్డు. ముందువైపు: “రైతు వెట్టికి ఎందుకు కాదనలేకపోయాడు?” వెనక: “అప్పు తీర్చలేక భూమి దేశ్‌ముఖ్ పాలయింది, కాబట్టి అతని దయ మీదే బతకాల్సి వచ్చింది.” ఆ వాక్యం పాపే రాసింది. తేదీకి అంకె చాలు. కారణం కార్డులో ‘కాబట్టి’ లేకపోతే అది వట్టి బట్టీయేనండీ.