పిల్లి వెంట్రుక మీద మోపిన నింద

పిల్లి ఉన్న ఇంట్లో ఎవరికైనా వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయంటే తీర్పు అక్కడికక్కడే వెలువడుతుంది: వెంట్రుకలు ముక్కులోకి పోతున్నాయి, అందుకే. భయం కాస్త ఎక్కువున్న ఇంట్లో అదే వెంట్రుక ఊపిరితిత్తుల్లోకి చేరి ఉబ్బసం తెస్తుందని కూడా అంటారు. ఈ నమ్మకం వల్ల జరిగే పనులు చూడండి. కొందరు పిల్లికి బొచ్చు గొరిగిస్తారు. చేతిలో డబ్బు ఆడేవాళ్లు బొచ్చు లేని జాతిదో, "అలర్జీ రాదు" అని అమ్మకందారు హామీ ఇచ్చినదో వేలు పోసి కొంటారు. మిగిలినవాళ్లు గోనెసంచిలో కట్టి ఊరి చివర వదిలేసి వస్తారు. ఇన్ని చేసినా తుమ్ములు ఆగకపోతే ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యం ఎందుకు? నేరం చేసినది ఒకటైతే పట్టుకున్నది మరొకటి. వెంట్రుక ఊపిరితిత్తుల దాకా పోదు, అది అంత సన్నది కాదు. అసలు కారణం కంటికి కనబడని ఒక ప్రోటీన్. అది ఎక్కడ పుట్టి ఏ దారిన మన ముక్కుకు చేరుతుందో తెలిస్తే, ఏ జాగ్రత్త పనికొస్తుందో ఏది దండగో దానంతటదే తేలిపోతుంది.

ఆ ప్రోటీన్ పేరు ఫెల్ డి 1. పిల్లి చర్మంలోని నూనె గ్రంథుల్లోనూ, లాలాజల గ్రంథుల్లోనూ, మలద్వారం పక్క గ్రంథుల్లోనూ అది తయారవుతుంది. పిల్లి అలర్జీ ఉన్నవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా స్పందించేది దీనికే. అన్నం తిన్నాక పిల్లి ఒక మూల కూర్చుని చేసే పని గమనించండి. ముందు కాలు తడుపుకుంటుంది, దాంతో చెవి వెనక రుద్దుకుంటుంది, తర్వాత మెడ తిప్పి వీపు, పొట్ట, తోక వరసగా నాకుతుంది. నాకిన మేరా లాలాజలం పూత పూసినట్టు అంటుకుని, కొన్ని నిమిషాల్లో ఆరిపోయి, చర్మపు పొట్టుతో కలిసి పొడిగా రాలుతుంది. ఆ పొడిలో చెప్పుకోదగ్గ భాగం అయిదు మైక్రాన్ల కంటే చిన్న రేణువులు. దుమ్ము పురుగు తాలూకు అలర్జీ పదార్థం పెద్ద రేణువులకు అంటి ఉంటుంది కనుక పక్క దులిపిన కాసేపటికే కిందికి దిగిపోతుంది. పిల్లిది అలా కాదు, గంటల తరబడి గాలిలోనే తేలుతుంది. పిల్లి గదిలో లేకపోయినా, గుమ్మంలో అడుగుపెట్టిన చుట్టానికి కళ్లు దురదపెట్టడానికి కారణం ఇదే. వెంట్రుక పాత్ర ఇందులో మోసుకెళ్లే కూలీ పాత్ర మాత్రమే.

ఇక బొచ్చు గొరిగించడం ఎందుకు పనికిరాదో విడిగా చెప్పనక్కర్లేదు. చర్మం అక్కడే ఉంది, నాలుకా అక్కడే ఉంది. జాతి సంగతి కూడా అంతే. హైదరాబాదులో గిరాకీ ఉన్న పొడవాటి బొచ్చు పర్షియన్ పిల్లికీ, వీధిలో తిరిగే పొట్టి బొచ్చు నాటు పిల్లికీ, అసలు బొచ్చే లేని స్ఫింక్స్‌కూ ఈ ప్రోటీన్ విషయంలో బొచ్చు పొడవును బట్టి తేడా చెప్పడానికి వీల్లేదు. తేడా ఉండేది ఒక పిల్లికీ ఇంకో పిల్లికీ మధ్య. ఒకే పిల్లిలో కూడా రోజు రోజుకూ మోతాదు మారుతుంది. నిజంగా లెక్కలోకి వచ్చే విషయం వేరే ఉంది: ఆపరేషన్ చేయించని మగపిల్లిలో ఫెల్ డి 1 ఎక్కువ, ఆపరేషన్ అయ్యాక తగ్గుతుంది. జాతి పేరు చెప్పి వేలు వసూలు చేసే దుకాణం ఈ మాట ఎందుకు చెబుతుంది?

పిల్లిని పంపించేస్తే సరిపోతుందనే మాటకు వస్తాను, ఎందుకంటే బయటికి ఇదే అన్నిటికన్నా తెలివైనదిగా కనబడుతుంది. 1989లో అమెరికాలో కొన్ని ఇళ్ల నుంచి పిల్లులను తరలించి, తర్వాత నెలల తరబడి పలుమార్లు దుమ్ము తీసి పరీక్షించారు. చాలా ఇళ్లలో ఆ ప్రోటీన్ పిల్లి లేని ఇంటి స్థాయికి పడిపోవడానికి 20 నుంచి 24 వారాలు పట్టింది. సోఫాలు, కార్పెట్లు తీసేసి గట్టిగా శుభ్రం చేసిన ఇళ్లలో ముందే తగ్గింది. అంటే సోమవారం పిల్లిని పంపి, ఆదివారం నాటికి తుమ్ములు తగ్గాయా అని చూసేవాడు దేన్నీ పరీక్షించడం లేదు. తగ్గలేదు కనుక పిల్లి తప్పు కాదని ఒకాయన అంటాడు, తగ్గింది కనుక పిల్లే కారణమని ఇంకొకాయన అంటాడు. ఇద్దరి దగ్గరా ఆధారం లేదు. పైగా ఈ ప్రోటీన్ బట్టలకు అంటుకుని ఊరంతా తిరుగుతుంది. పిల్లి అలర్జీ ఉండి, ఇంట్లో మాత్రం పిల్లి లేని ఉబ్బసం పిల్లలకు, పిల్లులు పెంచే సహవిద్యార్థులు ఎక్కువగా ఉన్న తరగతుల్లో సెలవుల తర్వాత జబ్బు ముదిరిందని స్వీడన్‌లో జరిగి 2001లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపించింది.

అసలు పిల్లే కారణమా అన్న ప్రశ్న దాటేసి చాలామంది శిక్షకు దిగుతారు. మన దేశపు ఇళ్లలో దుమ్ము పురుగులూ బొద్దింకలూ తక్కువ దోషులు కావు. ఇంటి బయట వయ్యారిభామ పుప్పొడి, సర్కారు తుమ్మ పుప్పొడి సిద్ధంగా ఉంటాయి. పిల్లిని తెచ్చిన నెలే తుమ్ములు మొదలయ్యాయని, అదే నెలలో ఇంటి వెనక ఖాళీ స్థలంలో వయ్యారిభామ పూతకు వచ్చిందని ఎవరూ చూడరు. చర్మం మీద చుక్కవేసి సన్నగా గుచ్చి చూసే పరీక్ష పావుగంటలో జవాబు చెబుతుంది. దానికి ముందు వారం రోజులు అలర్జీ మాత్రలు ఆపాలి, లేకపోతే ఉన్న అలర్జీ కూడా కనబడదు. మాత్రలు ఆపలేనివాళ్లకు రక్తంలో ఐజీఈ పరీక్ష ఉంది. పరీక్షలో పిల్లికి పాజిటివ్ వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. పిల్లి దగ్గరికి వెళ్లినప్పుడు లక్షణాలు పెరుగుతున్నాయా లేదా అన్నదీ కలిపి చూడాలి. దద్దురు చేతి మీద లేచినా, ఇంట్లో ఏ ఇబ్బందీ పడని మనుషులు ఉన్నారు.

రెండు పడకగదుల ఒక ఫ్లాట్‌ను ఊహించుకుందాం. టైల్స్ నేల, గుడ్డ సోఫా, ఆపరేషన్ కాని మగ పర్షియన్ పిల్లి, తెల్లవారేసరికి ముక్కు కారుతూ కళ్లు ఎర్రబడే ఒక మనిషి. పరీక్షలో పిల్లికే అలర్జీ అని తేలింది, ఉబ్బసం లేదు. ఈ ఇంట్లో మొదటి పని పడకగది తలుపు. మనిషి రోజులో ఏడెనిమిది గంటలు పీల్చే గాలి అక్కడిదే కనుక ఆ గది పిల్లికి పూర్తిగా నిషేధం, పగలు కూడా. "రాత్రి మాత్రం రానివ్వను" అనే సడలింపు ఉత్తిదే, పగలు దిండు మీద పడుకుని వెళ్లిన పిల్లి రాత్రి తలుపు వెనక ఉంటే ఏం లాభం? దుప్పట్లు, గలేబులు వారానికోసారి ఉతకాలి. పరుపును ఎండలో వేస్తే చాలని పెద్దలు అంటారు. ఎండ దుమ్ము పురుగును కొంత వరకు చంపుతుంది గానీ, వేడికి తట్టుకునే ఈ ప్రోటీన్‌ను ఏమీ చేయదు. దాన్ని నీళ్లతో కడిగి పంపడమే మార్గం. రెండో పని పిల్లికి ఆపరేషన్. మూడోది గుడ్డ సోఫా తీసేసి పేము కుర్చీలో, చెక్క కుర్చీలో వేసుకోవడం. చీపురు పక్కన పెట్టి తడిబట్టతో తుడవాలి, ఎందుకంటే పొడి చీపురు కిందికి దిగిన రేణువును మళ్లీ గాలిలోకి లేపుతుంది. మన నాపరాతి నేలలు, టైల్స్ నేలలు ఇక్కడ పెద్ద అదృష్టం. నున్నటి నేలతో పోలిస్తే కార్పెట్‌లో ఈ ప్రోటీన్ సుమారు వందరెట్లు పేరుకుంటుందని 1991లోనే కొలిచారు. అమెరికాలో గోడ నుంచి గోడకు కార్పెట్ పరిచిన అపార్ట్‌మెంట్లలో ఉంటున్న మనవాళ్లకు ఇదే పిల్లితో కష్టం ఎక్కువ. దువ్వడం, మలం పెట్టె శుభ్రం చేయడం అలర్జీ లేనివాళ్లు బాల్కనీలో చేయాలి.

కొనుక్కునే పరిష్కారాల మీద ఆశ తగ్గించుకోవాలి. హెపా ఫిల్టర్ యంత్రం గాలిలోని ప్రోటీన్‌ను తగ్గిస్తుంది, నిజమే. అయితే 1998లో ఫిల్టర్ లేని ఉత్తుత్తి యంత్రంతో పోల్చి చూసినప్పుడు మనిషి లక్షణాల్లో స్పష్టమైన మేలు తేలలేదు. పిల్లికి స్నానం చేయిస్తే ప్రోటీన్ తగ్గుతుంది, వారం తిరక్కుండా మళ్లీ మొదటికొస్తుంది. వారానికి రెండుసార్లు పిల్లిని నీళ్లలో ముంచే ఓపిక ఎవరికుందో, ఆ పిల్లికుందో చెప్పలేను. కోడిగుడ్డు నుంచి తీసిన యాంటీబాడీలు కలిపిన దాణా తింటే లాలాజలంలోనే ఫెల్ డి 1 పని తప్పుతుంది. మూడో వారం నుంచి పిల్లి బొచ్చు మీద అది సగటున 47 శాతం తగ్గిందని, ఆ దాణా తయారుచేసే కంపెనీయే చేయించిన అధ్యయనంలో ఉంది. దారి సరైనదే. మిగిలిన సగం మాత్రం మిగిలే ఉంటుంది కనుక పడకగది తలుపు తెరవడానికి అది అనుమతి కాదు.

ఇంటి పనులతో పాటు మందు ఉండాలి. తుమ్ము వచ్చిన రోజే మాత్ర మింగి, మత్తుగా ఉందని మర్నాడు మానేయడం మన అలవాటు. నిద్ర ముంచెత్తే పాత రకాల బదులు ఫెక్సోఫెనడిన్, లోరాటడిన్ వంటివి ఉన్నాయి. ముక్కు దిబ్బడకు వీటికన్నా బాగా పనిచేసేది ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే. అది నొప్పిమాత్రలా గంటలో గుణం చూపదు, రోజూ వాడితే వారం రెండు వారాల్లో పూర్తి ఫలితం. తల కొంచెం ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో, మధ్యగోడ వైపు కాకుండా చెవి వైపు గురిపెట్టి కొట్టాలి. సూటిగా మధ్యగోడకు కొడితే రక్తం వస్తుంది, అప్పుడు మందు మీద కోపం వస్తుంది. స్టెరాయిడ్ అనే పేరు విని బెదిరేవాళ్లు ఉన్నారు. మాత్రలతో పోలిస్తే ఈ స్ప్రే నుంచి ఒంట్లోకి చేరే మోతాదు చాలా తక్కువ. అయినా మోతాదు, గడువు వైద్యుడే చెప్పాలి.

ఇంత తంటా ఎందుకు, పిల్లి లేకుండా బతకలేమా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రాత్రి దగ్గు, పిల్లికూత, వారంలో పలుమార్లు ఇన్‌హేలర్ అవసరపడటం ఉన్నవాళ్ల ఇంట్లో పిల్లి ఉండకూడదు, ఈ విషయంలో బేరం లేదు. ముక్కూ కళ్లూ మాత్రమే ఇబ్బంది పడేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు పై జాగ్రత్తలతో మూడు నెలలు ప్రయత్నించే వెసులుబాటు ఉంది. మరికొందరు "అలవాటైపోతుంది, భరించు" అంటారు. నిత్యం పిల్లితో ఉండి కొంత సహనం పెంచుకునేవాళ్లు ఉన్న మాట నిజం. కానీ హాస్టల్‌కు వెళ్లి నెలల తర్వాత ఇంటికొచ్చిన కుర్రవాడికి అదే పిల్లి దగ్గర మళ్లీ తుమ్ములు మొదలవడమూ నిజమే. ముక్కు అలర్జీ కొందరిలో కాలక్రమాన ఉబ్బసానికి దారితీస్తుంది. భరించమనే సలహా ఇచ్చేవాడు ఆ బాధ్యత కూడా తీసుకోవాలి. మూడు నెలల ప్రయత్నం ఫలించక పిల్లిని పంపక తప్పదని తేలితే, ఊరి చివర వదలకండి, తెలిసినవాళ్ల ఇంటికి ఇవ్వండి. ఆ వారమే సోఫా గుడ్డలు, పరదాలు, పిల్లి పడుకున్న పరుపు తీసేయండి. లక్షణాలు ఇంకా ఉన్నాయని పిల్లిని నిర్దోషిగా ప్రకటించకండి, ఆ ఇంటి గాలి తేరుకోవడానికి ఆరు నెలల దాకా పడుతుంది, అప్పటిదాకా మందు మానకండి.