ఉప్పు 87 శాతమే విడిపోతుందా?

ఉస్మాన్‌గంజ్‌లో హోల్‌సేల్‌గా కొన్న ఉప్పుతో కుల్ఫీ గడ్డకట్టించినా, ల్యాబ్‌లో శుద్ధమైన ఉప్పుతో కొలిచినా సూత్రం ఒక్కటే: ΔT = i × Kf × m. కిలో నీళ్లలో 5.84 గ్రాముల ఉప్పు వేస్తే 0.1 మోలాల్. నీటికి Kf 1.86. ఉప్పుకి రెండు అయాన్లు కాబట్టి i = 2 అనుకుంటే ఘనీభవన స్థానం 0.372 డిగ్రీలు తగ్గాలి. కొలిస్తే 0.348 దగ్గరే ఆగిపోతుంది. అంటే i విలువ 1.87.

ఇక్కడే మనం రికార్డులో "ఉప్పు 87 శాతం విడిపోయింది" అని రాసేసి మార్కులు తెచ్చుకుంటాం. ఈ వాక్యం మానేయాలన్నది నా వాదన. ఎసిటిక్ ఆమ్లానికైతే సరే, అందులో విడిపోని అణువులు నిజంగానే ఉంటాయి. కానీ ఇదే ఉప్పునీటికి కండక్టివిటీ నుంచి లెక్క కడితే సుమారు 84 శాతం వస్తుంది. విడిపోయిన భాగం ఒకటే అయితే జవాబులు రెండెందుకు?

అసలు సంగతేంటంటే, ఉప్పు దాదాపు మొత్తం అయాన్లుగానే ఉంటుంది. ప్రతి సోడియం అయాన్ చుట్టూ సగటున క్లోరైడ్‌లు కాస్త ఎక్కువగా చేరతాయి. ఆ లాగుడు వల్ల అయాన్లకు పూర్తి స్వేచ్ఛ ఉండదు. 1923లో డెబై, హ్యూకెల్ లెక్క కట్టింది దీన్నే. మెగ్నీషియం సల్ఫేట్‌కీ అయాన్లు రెండే, కానీ చార్జీలు రెట్టింపు. లాగుడు పెరిగి, కొన్ని అయాన్లు జంటలు కూడా కడతాయి. అదే గాఢతలో i 1.21కి పడిపోతుంది.

అందుకే రికార్డులో శాతం బదులు, కొలిచిన i రాసి, పక్కన ఈ కారణం రాద్దాం.